వాల్వ్ తెరిచాక 90% వేగానికి లెక్కలో 14 సెకన్లు, మీటర్‌లో 23 సెకన్లు. తేడా ఎక్కడిది?

గొట్టపుదారి (#1)

అందరికీ నమస్కారం. వారం నుంచి ఒక చిన్న లెక్క నన్ను తినేస్తోంది. పెద్ద ట్యాంకు నుంచి 600 మీటర్ల పైపు దిగువకు వస్తుంది. వ్యాసం 300 మి.మీ. చివర బటర్‌ఫ్లై వాల్వ్, దాని తర్వాత నీళ్లు గాలిలోకే పడతాయి. ట్యాంకులో నీటిమట్టం వాల్వ్ కంటే 20 మీటర్లు ఎత్తు. లైన్ అంతా ముందే నీళ్లతో నిండి ఉంది, గాలి తీసేశాం. వాల్వ్ తెరిస్తే ప్రవాహం నిలకడకు రావడానికి ఎంత సేపు పడుతుందన్నదే ప్రశ్న.

నీటి స్తంభాన్ని ఒకే గట్టి కడ్డీలా అనుకుని రిజిడ్ కాలమ్ పద్ధతిలో చేశాను. f = 0.02 తీసుకుంటే fL/D = 40. ప్రవేశ ద్వారానికి 0.5, పూర్తిగా తెరిచిన వాల్వ్‌కు 0.5, బయటికి పోయే వేగానికి 1. మొత్తం 42.

V0 = √(2gH/42) = 3.06 m/s

ఆ వేగంలో 90% అందుకోవడానికి నాకు 13.8 సెకన్లు వచ్చింది. సైట్‌లో మీటర్ చూస్తే 23 సెకన్లు. మూడుసార్లు చేశాను, ప్రతిసారీ 23 కి అటూ ఇటూ. ఇది చిన్న తేడా కాదు. నా సమీకరణం తప్పా?

సుడిగుండం (#2)

ఇంత కష్టం దేనికి బ్రో. మొదట్లో త్వరణం gH/L = 9.81 × 20 / 600 = 0.327. చేరాల్సిన వేగం 3.06. భాగిస్తే 9.35 సెకన్లు. అదే జవాబు. నీ 13.8 ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. మీటర్ 23 చూపిస్తోందంటే మీటర్‌దే తప్పు.

మోటార్_షెడ్ (#3)

మా దగ్గరా ఇదే గోల అన్నా. పంపు ఆన్ చేశాక చివర నీళ్లు కనపడడానికి ఏడు నిమిషాలు పడుతుంది. మీకు 23 సెకన్లకే వస్తుంటే అదృష్టవంతులు. ఎక్కడో లీకేజీ ఉందేమోనని లైన్ మొత్తం తవ్వించాను, ఏమీ దొరకలేదు. కరెంటు వోల్టేజీ తక్కువైతే కూడా ఇలా అవుతుందంటారు, నిజమేనా?

చాదస్తపు_లెక్కలు (#4)

ముందు మోటార్_షెడ్ గారికి. మీది వేరే సమస్య. పంపు ఆపాక మీ లైన్ ఖాళీ అయిపోతోంది, మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ దాన్ని నింపుకుంటున్నారు. ఇక్కడున్న పైపునే చూడండి. దాని కడుపులో 42 ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. సెకనుకు 216 లీటర్ల నిండు ప్రవాహంతో పోసినా నిండడానికే మూడు నిమిషాలు దాటుతుంది. అందులో నీళ్ల స్తంభం పొడవు ప్రతి క్షణం మారుతూ ఉంటుంది, ముందున్న గాలి బయటికి పోవాలి. కాబట్టి ఈ సమీకరణం అక్కడ పనికిరాదు. పంపు దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ పట్టుకుంటోందో లేదో చూడండి. తవ్వకాల కంటే అది చవక.

ఇప్పుడు సుడిగుండం. నువ్వు కట్టిన 9.35 తప్పు సంఖ్య కాదు, కానీ దానికి నువ్వు చెప్పిన అర్థం తప్పు. వాల్వ్ తెరిచిన క్షణంలో 20 మీటర్ల హెడ్ అంతా నీటిని తోయడానికే ఖర్చవుతుంది, ఎందుకంటే కదలిక లేని నీటికి ఘర్షణ లేదు. నీరు కదిలిన కొద్దీ ఆ హెడ్‌లోంచి ఘర్షణ తన వాటా లాక్కుంటుంది. వేగం సగానికి చేరినప్పుడు ఘర్షణ పావు వంతు తింటుంది, 90% దగ్గర 81% తింటుంది. తోయడానికి మిగిలేది 19% మాత్రమే. నువ్వేమో చివరిదాకా మొదటి త్వరణమే ఉంటుందనుకున్నావు.

సమీకరణం ఇది:

dV/dt = (gH/L) (1 − V²/V0²)

దీనికి జవాబు V = V0 tanh(t/T), ఇందులో T = L V0/(gH). నీ 9.35 సెకన్లు ఆ T. సరిగ్గా ఆ సమయానికి వేగం 76% దగ్గర ఉంటుంది. 90% కి 1.47 T, అంటే 13.8. 99% కి 2.65 T, అంటే 24.7. గొట్టపుదారి లెక్క సరైనదే. ఇక 100% అంటావా, ఆ సమీకరణంలో అది ఎప్పటికీ రాదు. అందుకే ఎంత శాతమో చెప్పకుండా 'నిలకడకు పట్టే సమయం' అని ఎవరైనా అడిగితే నేను జవాబివ్వను.

సుడిగుండం (#5)

సరే, 76% ఒప్పుకుంటా. ఒక్క మాట. T లో V0 పైన ఉంది కదా. హెడ్ పెంచితే V0 పెరుగుతుంది, దాంతో T పెరుగుతుంది. అంటే ట్యాంకు ఎత్తు ఎక్కువైతే నిలకడకు ఎక్కువసేపు పట్టాలి. ట్యాంకు మట్టం అనుకున్నదాని కంటే ఎక్కువ ఉందేమో చూడండి.

చాదస్తపు_లెక్కలు (#6)

కింద H కూడా ఉంది, దాన్ని మరిచావు. హెడ్ రెట్టింపు చేస్తే చేరాల్సిన వేగం 1.41 రెట్లే పెరుగుతుంది, మొదటి త్వరణం మాత్రం రెండు రెట్లు అవుతుంది. కాబట్టి T తగ్గుతుంది. 9.35 కాస్తా 6.6 అవుతుంది.

పొడవు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 600 బదులు 1200 మీటర్లు వేస్తే సమయం రెట్టింపు అవుతుందని అందరూ అనుకుంటారు. చేసి చూడు. నష్టాల మొత్తం 82, V0 2.19 కి పడిపోతుంది, T 13.4 సెకన్లు. ఒకటిన్నర రెట్లు కూడా కాదు. తోయాల్సిన బరువు రెట్టింపైనా చేరాల్సిన వేగం తగ్గింది కదా. అదే కారణంతో తుప్పు పట్టిన గరుకు పైపు తన నిలకడకు త్వరగా చేరుతుంది. f ని 0.03 చేస్తే V0 2.5, T 7.7 సెకన్లు. పైపు మంచిదయిందని కాదు, గమ్యమే దగ్గరైంది.

గొట్టపుదారీ, దీంట్లో నీకు పనికొచ్చే విషయం ఒకటుంది. T కట్టడానికి f అవసరమే లేదు. చివర్లో మీటర్ నిలిచిన వేగం ఎంతో చెప్పు. అది V0 గా పెట్టుకుంటే ఘర్షణ, వంపులు, వాల్వ్ నష్టాలు అన్నీ అందులోనే ఇమిడిపోతాయి. ఇంకో రెండు ప్రశ్నలు. వాల్వ్ పూర్తిగా తెరవడానికి ఎంతసేపు పట్టింది? మీటర్ ఏ రకం, దాని డ్యాంపింగ్ ఎంత పెట్టారు?

గొట్టపుదారి (#7)

సార్, చాలా థ్యాంక్స్. మీటర్ చివరికి 3.0 m/s దగ్గర ఆగింది. విద్యుదయస్కాంత ఫ్లో మీటర్, ట్యాంకు నుంచి 200 మీటర్ల దగ్గర బిగించి ఉంది. డ్యాంపింగ్ అంటే ఏమిటో తెలీక మెనూలోకి వెళ్లి చూశాను, 5 సెకన్లు అని ఉంది. వాల్వ్‌కు గేర్ చక్రం ఉంది, మనిషి తిప్పి తెరవడానికి పది సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ చక్రం తిప్పడం మొదలుపెట్టగానే నొక్కుతున్నాం.

అయితే వాల్వ్ పది సెకన్లు తీసుకుంది కాబట్టి ఆ పదీ కలపాలి కదా? 13.8 + 10 = 23.8. సరిపోయింది! ఇంత సింపులా?

చాదస్తపు_లెక్కలు (#8)

సరిపోయినట్టు కనిపించే తప్పు ఇది, నాకు భయం వేసేది ఇలాంటివే.

వాల్వ్ పదో సెకనుదాకా నీటిని ఆపేసి అప్పుడు ఒక్కసారిగా వదలదు. సగం తెరిచేసరికే అది ఈ పైపుకు పెద్ద అడ్డంకి కాదు. 600 మీటర్ల పైపు నష్టం 40 వేగ హెడ్‌లు, నిండుగా తెరిచిన వాల్వ్‌ది 0.5. పైగా మొదటి సెకన్లలో వేగమే తక్కువ, కాబట్టి సగం మూసుకున్న వాల్వ్ కూడా తినగలిగేది కొద్దిగానే. బటర్‌ఫ్లైలో దారి మొదట్లో చాలా నెమ్మదిగా తెరుచుకుంటుంది. ఉజ్జాయింపుగా 1 − cosθ లాగా. పది సెకన్లలో 90 డిగ్రీలు తిరిగితే మొదటి సెకను చివర దారి ఒక్క శాతం పైచిలుకే. ఆ మొదటి రెండు సెకన్లలోనే ఆలస్యమంతా జరిగిపోతుంది. తర్వాత వాల్వ్ ఉందన్న సంగతి నీటికి దాదాపు తెలీదు. చేతి లెక్కలో నాకు వాల్వ్ వల్ల ఆలస్యం ఒక సెకను వచ్చింది, పది కాదు.

నీ అసలు దొంగ ఆ 5 సెకన్ల డ్యాంపింగ్. మీటర్ చూపే అంకె ఎగిరెగిరి పడకుండా సాఫీగా ఉండాలని పెట్టేది అది. నిలకడ ప్రవాహంలో ఏ హానీ చేయదు. పెరుగుతున్న ప్రవాహంలో మాత్రం నిజం వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

స్క్రిప్టు_పిచ్చి (#9)

ఇది చూసి ఊరుకోలేక రాశాను. వాల్వ్, మీటర్ రెండూ పెట్టాను. కానీ నా మొదటి ప్రయత్నంలో 0.003 సెకన్లకే 90% వచ్చేసిందని చెప్పింది 😄 కాంతి వేగంతో పోతోంది నీరు. ఎక్కడ తప్పు చేశానో చూడండి:

```python
V += dt*(g*H - K*V*abs(V)/2)/L
```

చాదస్తపు_లెక్కలు (#10)

మూసి ఉన్న వాల్వ్ దగ్గర K ఎంతో ప్రింట్ చేసి చూడు. మొదటి అడుగులో కోట్ల కోట్లలో ఉంటుంది. అంత K ని పాత V తో గుణించి తీసేస్తే వేగం ఒక్క అడుగులో మైనస్‌లోకి దూకుతుంది, మరుసటి అడుగులో ప్లస్‌లోకి ఎగురుతుంది. dt తగ్గించడం వల్ల లాభం లేదు. కొత్త V నే ఘర్షణలో పెట్టు, వర్గ సమీకరణం వస్తుంది, దాన్ని నేరుగా పరిష్కరించు.

స్క్రిప్టు_పిచ్చి (#11)

పనిచేసింది సార్. ఇదిగో పూర్తి కోడ్. V0 మీటర్ చూపిన 3.0.

```python
from math import cos, pi, sqrt
g, L, H, V0 = 9.81, 600.0, 20.0, 3.0
Kv = 0.5
S = 2*g*H/V0**2 - Kv
topen, tm, dt = 10.0, 5.0, 0.001
t = V = m = 0.0
while m < 0.9*V0:
    t += dt
    s = 1 - cos(min(t/topen, 1)*pi/2)
    c = dt*(S + Kv/s**2)/(2*L)
    b = V + dt*g*H/L
    V = (sqrt(1 + 4*c*b) - 1)/(2*c)
    m += dt*(V - m)/tm
print(t)
```

V నిజమైన వేగం, m మీటర్ చూపేది. m 90% కి చేరే సమయం 22 దగ్గర వస్తోంది. మీటర్‌ను తీసేసి V నే చూస్తే పద్నాలుగున్నర.

గొట్టపుదారి (#12)

నమ్మలేకపోతున్నా. అంటే మేము వారం రోజులు పైపుతో గొడవ పడ్డాం, నిజానికి గొడవ మీటర్ మెనూతో. రేపు డ్యాంపింగ్ 0.5 కి తగ్గించి మళ్లీ చూస్తాను.

తిరగలి (#13)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది మిక్సింగ్ ప్లాంటు. వాల్వ్ ఫలానా సెకన్లు తెరిచి ఉంచి నీళ్లు కొలుస్తాం, మీటర్ లేదు. చిన్న బ్యాచ్‌లకు ఎప్పుడూ నీళ్లు తక్కువ పడుతున్నాయి, పెద్ద బ్యాచ్‌లకు సరిపోతున్నాయి. ఆపరేటర్ సరిగ్గా చేయట్లేదని అనుకునేవాళ్లం. ఈ మొదటి సెకన్ల వల్లేనా?

చాదస్తపు_లెక్కలు (#14)

ఆపరేటర్‌కు క్షమాపణ చెప్పే అవకాశం కనిపిస్తోంది.

tanh వక్రరేఖకు, మొదటి నుంచీ V0 తో పారితే వచ్చే గీతకు మధ్య ఉన్న విస్తీర్ణమే మీకు తక్కువ పడే నీళ్లు. అది V0 × T × 0.693. అంటే నిండు వేగంతోనే పారింది కానీ 0.693 T సెకన్లు ఆలస్యంగా మొదలైంది అనుకోవచ్చు. ఈ దారంలోని మొదటి లెక్క ప్రకారం అది ఆరున్నర సెకన్లు, దాదాపు 1.4 ఘనపు మీటర్ల నీళ్లు. ఐదు నిమిషాల బ్యాచ్‌లో ఎవరూ పట్టించుకోరు, అర నిమిషం బ్యాచ్‌లో అది ఐదో వంతు. మీ పైపు పొడవు, హెడ్, నిలకడ వేగం పెట్టి మీ T కట్టుకోండి. బ్యాచ్ సమయం 3 T దాటితే ఆ స్థిరమైన సెకన్లు కలిపేస్తే చాలు. అంతకంటే చిన్నదైతే ఈ సులువు కుదరదు, వక్రరేఖనే వాడాలి. మూసేటప్పుడు కారే నీళ్లు వేరే లెక్క, అది కొంత తిరిగి ఇస్తుంది.

సుడిగుండం (#15)

నాకు ఇంకో అనుమానం. f ని చివరిదాకా ఒకటే తీసుకున్నారు. మొదట్లో నీరు నెమ్మదిగా పోతుంది, అప్పుడు లామినార్, f చాలా ఎక్కువ ఉంటుంది కదా. దాన్ని వదిలేయడం తప్పు కాదా?

చాదస్తపు_లెక్కలు (#16)

ఈసారి మంచి ప్రశ్న. సూత్రప్రాయంగా నీదే రైటు. కానీ ఆ క్షణాల్లో f ఎక్కువైనా V² చాలా చిన్నది, కాబట్టి నష్టం 20 మీటర్లతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఘర్షణ గట్టిగా పట్టేసరికి వేగం ఒక మీటర్ దాటుతుంది, అప్పటికి f నిలకడ విలువకు దగ్గరే ఉంటుంది. అయితే వేగం పెరుగుతున్నప్పుడు పైపు అడ్డకోతలో వేగాల ఆకారం నిలకడలో ఉన్నట్టు ఉండదు, గోడ దగ్గరి లాగుడు కూడా మారుతుంది. అది ఎంత అన్న దానిపై నేను పందెం కాయను. ఈ పైపులో ఒక సెకనులో చిన్న భాగమే అని నా అంచనా.

నిశ్శబ్దనది (#17)

ఇంతసేపూ చదువుతున్నా. అందరూ నీటిని గట్టి కడ్డీ అనుకునే మాట్లాడుతున్నారు. ఈ పైపుకు అది ఎందుకు పనిచేస్తోందో, ఎక్కడ పనిచేయదో చెప్పాలనిపించింది.

నిజానికి వాల్వ్ తెరిచిన కబురు ట్యాంకుకు వెంటనే తెలీదు. స్టీలు పైపులో తరంగ వేగం సెకనుకు 1100 మీటర్లు అనుకుందాం. కబురు పైకి వెళ్లి తిరిగి రావడానికి 1.09 సెకన్లు. వాల్వ్‌ను కన్ను మూసి తెరిచేలోపు తెరిస్తే దాని దగ్గర వేగం ఒక్కసారిగా gH/a, అంటే 0.18 m/s కు దూకుతుంది. తర్వాత 1.09 సెకన్లదాకా అక్కడే ఉంటుంది. తిరుగు తరంగం రాగానే ఇంకో 0.36 ఎక్కుతుంది. అలా మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఘర్షణ పెరిగే కొద్దీ మెట్టు ఎత్తు తగ్గుతుంది. ఇప్పుడు 0.36 ని 1.09 తో భాగించండి. 0.327 వస్తుంది, సుడిగుండం గారి gH/L అదే. రిజిడ్ కాలమ్ గీత ఆ మెట్ల మధ్యగా వెళ్తుంది. 90% కు చేరేలోపు పన్నెండు మెట్లు ఉంటాయి కాబట్టి సమయం విషయంలో గీతకీ మెట్లకీ తేడా తెలీదు. పదిసెకన్ల వాల్వ్‌తో ఆ మెట్ల అంచులు కూడా అరిగిపోతాయి.

సమయానికి సరిపోయిందని ఒత్తిడికీ సరిపోతుందనుకోకండి. అక్కడే ఈ పద్ధతి మోసం చేస్తుంది. గొట్టపుదారి గారూ, మీ పైపు ట్యాంకు నుంచి నేరుగా కిందికి దిగుతుందా, మధ్యలో ఎక్కడైనా ఎత్తు ఎక్కుతుందా?

గొట్టపుదారి (#18)

ఉంది మేడమ్. ట్యాంకు నుంచి 100 మీటర్ల దగ్గర ఒక దిబ్బ మీదుగా వెళ్తుంది. అక్కడ పైపు వాల్వ్ మట్టం కంటే 12 మీటర్లు ఎత్తు. ఎలా కనిపెట్టారు? ఇంకో సంగతి, వాల్వ్‌కు మోటార్ పెట్టి ఒక సెకనులో తెరిచేలా చేద్దామని మా వాళ్లు అంటున్నారు. త్వరగా నిలకడకు వస్తుందని.

నిశ్శబ్దనది (#19)

కనిపెట్టలేదు, 600 మీటర్ల లైన్‌లో దిబ్బ లేకపోతేనే ఆశ్చర్యం.

రిజిడ్ కాలమ్ మీ దిబ్బ గురించి ఏం చెబుతుందో చూడండి. మొదటి క్షణంలో హెడ్ అంతా త్వరణానికి పోతుంది, నిలకడలో అంతా ఘర్షణకు పోతుంది. రెండూ పొడవు పొడవునా సమానంగా ఖర్చయ్యేవే. కాబట్టి పైపు వెంట హెడ్ గీత మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే వాలుగా ఉంటుంది. 100 మీటర్ల దగ్గర అది 16.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ పైపు 12 లో ఉంది. నాలుగు మీటర్ల పైచిలుకు ఒత్తిడి మిగులుతుంది, భయం లేదు అంటుంది.

అసలు తరంగం చెప్పేది వేరు. గబుక్కున తెరిస్తే వాల్వ్ ముందు హెడ్ సున్నాకు పడుతుంది, ఆ పడిపోయిన హెడ్ అలాగే పైపు వెంట ఎగువకు నడుస్తుంది. దిబ్బ మీదికి వచ్చేసరికి గీత వాల్వ్ మట్టంలో ఉంటుంది, పైపు దానికంటే 12 మీటర్లు పైన. నీరు వాతావరణ ఒత్తిడి కంటే సుమారు 10 మీటర్లు తగ్గితేనే ఆవిరి బుడగగా విడిపోతుంది. అంటే దిబ్బ దగ్గర స్తంభం తెగుతుంది. ట్యాంకు నుంచి తిరుగు తరంగం రావడానికి 0.18 సెకన్లు, బుడగ వెంటనే మూసుకుంటుంది, మూసుకునేటప్పుడే దెబ్బ కొడుతుంది. దిబ్బ దగ్గర చెవి పెడితే డబ్‌మని వినిపిస్తుంది.

ఒక సెకను అంటే చాలా నెమ్మది అనుకుంటారేమో. మీ వాల్వ్ పది డిగ్రీలు తెరిచేసరికే దాని ముందు ఒత్తిడి చాలావరకు పడిపోతుంది, ఎందుకంటే తరంగం దశలో వాల్వ్ గుండా పోయే వేగం 0.18 దాటదు, దానికి చిన్న సందు చాలు. ఒక సెకనులో తెరిచే మోటార్‌కు ఆ పది డిగ్రీలు 0.11 సెకన్లు. మీ దిబ్బకు అది అకస్మాత్తే. ఇప్పుడు మనిషి తిప్పే పది సెకన్లకు అదే పని ఒక సెకను పైన పడుతుంది, ఈలోపు ట్యాంకు నుంచి తరంగాలు చాలాసార్లు తిరిగి వచ్చి దిబ్బను ఆదుకుంటాయి.

దీనికి మీకు దక్కే లాభం ఎంతో కూడా చూడండి. చాదస్తపు గారి లెక్కలో వాల్వ్ వల్ల ఆలస్యం మొత్తమే ఒక సెకను. ఆ ఒక్క సెకను కోసం దిబ్బను పణంగా పెట్టడం దేనికి? మోటార్ పెట్టేదే ఉంటే మొదటి పదిహేను డిగ్రీలు నెమ్మదిగా, మిగతాది ఎంత వేగంగానైనా తిప్పేలా పెట్టించండి.

మోటార్_షెడ్ (#20)

డబ్‌మనే శబ్దం మా దగ్గర కూడా వస్తుంది, కానీ వాల్వ్ మూసేటప్పుడు. అది వాటర్ హ్యామర్ కదా? తెరిచేటప్పుడు కూడా వస్తుందని ఇదే వినడం.

(నాన్ రిటర్న్ వాల్వ్ విప్పాం. ఫ్లాప్ కింద రాయి ఇరుక్కుంది.)

నిశ్శబ్దనది (#21)

రెండూ ఒకే కుటుంబం అండీ. మూసేటప్పుడు ఒత్తిడి పెరిగే తరంగం, తెరిచేటప్పుడు తగ్గే తరంగం. తగ్గేది మామూలుగా ప్రమాదం కాదు, ఎత్తు మీద ఉన్న పైపు దగ్గర తప్ప.

గొట్టపుదారి (#22)

ఈ రోజు చేశాను. డ్యాంపింగ్ 0.5 పెట్టి నాలుగుసార్లు. 90% కు 16 సెకన్లు, ఒకసారి 16.4. స్క్రిప్టు_పిచ్చి గారి కోడ్‌లో `tm` మార్చి చూస్తే 15 వస్తోంది. ముందు 23 కొలత, 22 లెక్క. ఇప్పుడు 16 కొలత, 15 లెక్క. ఆ ఒక్క సెకను మాత్రం రెండుసార్లూ అలాగే ఉండిపోయింది. మోటార్ సంగతి మా వాళ్లకు చెప్పాను, దిబ్బ విషయం విని ఆగారు.

చాదస్తపు_లెక్కలు (#23)

ఏడు సెకన్లు తగ్గాలని లెక్క, ఏడే తగ్గింది. డ్యాంపింగ్ కేసు ముగిసింది.

మిగిలిన ఒక సెకను డ్యాంపింగ్ మార్చినా మారలేదంటే అది మీటర్‌లో లేదు. నా అనుమానం గేర్ మీద. పాత గేర్ చక్రాల్లో పళ్ల మధ్య వదులు ఉంటుంది. చక్రం తిరగడం మొదలయ్యాక కాసేపటిదాకా లోపలి పళ్లెం కదలదు. పైగా రబ్బరు సీటులో బిగిసి ఉన్న పళ్లెం రెండు మూడు డిగ్రీలు తిరిగేదాకా నీళ్లు వదలదు. నువ్వేమో చక్రంతోపాటే వాచ్ నొక్కుతున్నావు.

తిరగలి (#24)

లేదంటే ఎక్కడో గాలి మిగిలి ఉండొచ్చు కదా? ఆ దిబ్బ మీదే. గాలి మూట ఉంటే ముందు అది సాగుతుంది, తర్వాతే మిగతా నీళ్లు కదులుతాయి.

నిశ్శబ్దనది (#25)

అదీ సాధ్యమే, కానీ ఈయన మీటర్ దిబ్బకు దిగువన ఉంది. గాలి మూట వ్యాకోచిస్తే దిగువ నీళ్లు ముందుగానే కదులుతాయి, ఆ తర్వాత ఊగుతాయి. మీటర్‌లో మొదట్లో ఎగుడుదిగుడు కనిపించాలి. డ్యాంపింగ్ 0.5 పెట్టాక వచ్చిన గ్రాఫ్‌లో అలాంటి ఊపు ఉందా?

గొట్టపుదారి (#26)

మొదటి మూడు సెకన్లలో చిన్న ఊపు ఉంది మేడమ్, కానీ అది మెట్లో, గాలో, మీటర్ గోలో చెప్పలేను. మీటర్ సెకనుకు ఒక్క రీడింగే రాస్తోంది.

నిశ్శబ్దనది (#27)

సెకనుకు ఒకటి అయితే 1.09 సెకన్ల మెట్లను అది చూడలేదు, ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు చూపిస్తుంది. ఆ గ్రాఫ్ మీద వాదించడం దండగ. వాల్వ్‌కు ఎగువన, దాన్ని ఆనుకునే ఒక ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి సెకనుకు వంద రీడింగులు తీసుకోండి. పళ్లెం సీటు వదిలిన క్షణంలోనే అక్కడ ఒత్తిడి పడుతుంది, అదే మీ అసలు సున్నా. చక్రం తిప్పిన సమయానికీ దానికీ తేడా ఒక సెకను వస్తే గేర్ దోషం. రాకపోతే తిరగలి గారి గాలి మూట వైపు చూద్దాం.

సుడిగుండం (#28)

నేను గేర్ మీద పందెం. ఈసారి 76% నమ్మకంతో 😅

గొట్టపుదారి (#29)

ట్రాన్స్‌డ్యూసర్ అడిగాను, వచ్చే వారం దొరుకుతుందన్నారు. ఈలోపు చక్రం మీద సుద్దతో గీత పెట్టి, పళ్లెం ఇరుసు మీద ఇంకో గీత పెట్టి తిప్పి చూశాం. చక్రం ముప్పావు చుట్టు తిరిగాకే ఇరుసు కదిలింది. అది ఎన్ని సెకన్లో కొలవడం మరిచిపోయాం. రేపు మళ్లీ వెళ్తున్నా.